బార్ చార్ట్ ఫోటో నుంచి విలువలు తీస్తే మొత్తం 10 ఎక్కువ వస్తోంది, తప్పెక్కడ?

నీలిసిరా
ఒక పాత అచ్చు నివేదికలో ఆరేళ్ల ఉత్పత్తి బార్ చార్ట్ ఉంది. పట్టిక ఇవ్వలేదు, కడ్డీల మీద అంకెలూ లేవు. నిలువు అక్షం మీద 0 నుంచి 250 దాకా యాభై యాభైకి ఒక గీత, అంతే. యూనిట్లు వేల టన్నులు. పుస్తకం బయటికి ఇవ్వరు కాబట్టి ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. దాన్ని బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మౌస్ పెట్టిన చోట పిక్సెల్ ఎంతో చూసుకుంటూ రాసుకున్నాను.

0 గీత 812 దగ్గర ఉంది, 250 గీత 112 దగ్గర ఉంది (పిక్సెళ్లు పైనుంచి కిందికి లెక్క). అంటే 700 పిక్సెళ్లకు 250, ఒక యూనిట్‌కి 2.8 పిక్సెళ్లు. మూడో ఏడాది కడ్డీ పై అంచు 431. 812లోంచి 431 తీసేస్తే 381, దాన్ని 2.8తో భాగిస్తే 136.07. ఇలాగే ఆరూ చేశాను.

రెండు గొడవలు వచ్చాయి. మా సీనియర్ పట్టిక చూసి "136.07 అని ఏ ధైర్యంతో రాశావు?" అని వెనక్కి పంపారు. రెండోది అసలు టెన్షన్. నివేదిక లోపల ఒక వాక్యంలో ఆరేళ్ల మొత్తం 776 అని ఉంది. నా ఆరూ కలిపితే 785.9. మూడుసార్లు కూడాను, కూడికలో తప్పు లేదు.

చిటికెడుప్పు
ఫోన్‌తో తీసిన ఫోటోలోంచి రెండు దశాంశ స్థానాలు. అది పది టన్నుల దాకా తూచినట్టు. మీ సీనియర్ మంచివారు, వెనక్కి పంపి ఊరుకున్నారు.

సులువుదారి
ఎక్సెల్‌లో డేటా సెలెక్ట్ చేసి ఇన్సర్ట్‌లోకి వెళ్తే బార్ చార్ట్ వస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి డేటా లేబుల్స్ పెట్టుకోండి, విలువలు అవే కనబడతాయి.

చిటికెడుప్పు
@సులువుదారి ఆవిడ దగ్గర డేటా ఉంటే ఈ గోలంతా ఎందుకండీ. ఉన్నది చార్ట్ బొమ్మ. అందులోంచి డేటా కావాలి. మీరు చెప్పింది తిరగేసిన దారి.

సులువుదారి
ఓహో. తిరగేసి చదివాను, క్షమించాలి.

పెద్దఅద్దం
ఫోటోని నాలుగు రెట్లు పెద్దది చేసి కొలవండి. పిక్సెళ్లు ఎక్కువైతే తేడా తగ్గుతుంది. నేనెప్పుడూ అలాగే చేస్తాను.

గీతలమేస్త్రి
@పెద్దఅద్దం సగం నిజం. జూమ్ చేస్తే మౌస్ సరైన చోట పెట్టడం సులువవుతుంది, అది మంచిదే. కానీ ఫోటో సైజు పెంచితే కొత్త సమాచారం ఏమీ పుట్టదు. మసకగా ఉన్న అంచు ఇంకా పెద్ద మసక అవుతుంది. నిజంగా పిక్సెళ్లు కావాలంటే దగ్గరగా మళ్లీ ఫోటో తీయాలి.

@నీలిసిరా లెక్కకు ముందు ఒక్క పని చేయండి. మీరు 0నీ 250నీ మాత్రమే చూశారు. మధ్యలో 50, 100, 150, 200 గీతలున్నాయి కదా, అవి ఏ పిక్సెల్ దగ్గర ఉన్నాయో చెప్పండి. మీ 2.8 నిజమైతే గీత గీతకీ 140 పిక్సెళ్ల దూరం రావాలి. ఫోటో పేజీకి నేరుగా పైనుంచి తీశారా, కూర్చున్న చోటునుంచి కొంచెం వంచి తీశారా?

టూల్‌బాబాయ్
ఇంత చేత్తో కొలవడం దేనికి? వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ అని ఉంది. ఫోటో ఎక్కించి, అక్షం మీద రెండు బిందువులు చూపించి, వాటి విలువలు టైప్ చేసి, కడ్డీల తలల మీద నొక్కుకుంటూ పోతే చాలు. నేను వందలాది చార్టులు దాంట్లోనే తీశాను.

గీతలమేస్త్రి
@టూల్‌బాబాయ్ మంచి టూలే, నేనూ వాడతాను. కానీ రెండు బిందువులిచ్చి అడిగితే అది చేసేది కూడా ఆవిడ చేసిన భాగహారమే. ఫోటో వంకరగా ఉంటే అదే 136 అదీ చెబుతుంది, కాకపోతే ఇంకా ఎక్కువ దశాంశాలతో.

నీలిసిరా
కొలిచాను. 50 గీత 668, 100 గీత 526, 150 గీత 386, 200 గీత 248. బల్ల మీద పుస్తకం పెట్టి నా కుర్చీలోంచే తీశాను, నిలబడలేదు.

ఇప్పుడు చూస్తే దూరాలు కింది నుంచి 144, 142, 140, 138, 136. ఇదేంటి, మెట్లలా తగ్గుతోంది?

గీతలమేస్త్రి
అదే మీ 10 టన్నుల దొంగ (వేల టన్నులనుకోండి).

పేజీ కింది భాగం ఫోన్‌కి దగ్గరగా, పై భాగం దూరంగా ఉంది. దగ్గరున్నది పెద్దగా పడుతుంది. కింద 50 యూనిట్లకు 144 పిక్సెళ్లు, పైన అదే 50కి 136. మీరు అన్నిచోట్లా సగటు 140 వేసుకున్నారు. కడ్డీలన్నీ నిలబడేది కింది నుంచే కాబట్టి ప్రతి కడ్డీకీ ఆ ఉబ్బిన భాగం తగిలింది. అందుకే ఆరూ ఎక్కువే వచ్చాయి, ఒక్కటీ తక్కువ రాలేదు. మౌస్ అటూ ఇటూ జరగడం వల్ల వచ్చే తప్పులైతే కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ అయ్యి మొత్తంలో చాలావరకు కొట్టుకుపోయేవి. ఇది కొట్టుకుపోదు, పోగవుతుంది.

చేయాల్సిందల్లా ఒక్కటే. మొత్తం అక్షానికి ఒకే స్కేలు వద్దు. కడ్డీ తల ఏ రెండు గీతల మధ్య ఉందో ఆ రెండింటితోనే లెక్క వేయండి. మీ మూడో ఏడాది తల 431 దగ్గర, అంటే 100 గీతకీ (526) 150 గీతకీ (386) మధ్య. 100 గీత నుంచి పైకి 95 పిక్సెళ్లు. ఆ గడి ఎత్తు 140. 95ని 140తో భాగించి 50తో గుణిస్తే 33.9. కాబట్టి 133.9. మీ 136.07 కన్నా రెండు తక్కువ. ఎక్సెల్‌లో అయితే, B4లో 431 ఉందనుకుంటే:

```
=100+(526-B4)/(526-386)*50
```

మిగతావీ ఇలాగే చేసి మొత్తం ఎంతొచ్చిందో చెప్పండి.

గడిలోసగం
నేను పిక్సెళ్ల జోలికే పోను. కంటితో చూసి గడిని పది భాగాలుగా ఊహించుకుని దగ్గరి భాగానికి రాస్తాను. మూడోది చూడగానే 135 అనేవాణ్ని. ఇంత తతంగం చేసి మీరిద్దరూ తెచ్చింది 134.

గీతలమేస్త్రి
@గడిలోసగం నవ్వుతారేమో గానీ మీ పద్ధతి చెడ్డది కాదు. మీరు తెలియకుండానే దగ్గరి రెండు గీతల మధ్యే చూస్తున్నారు కాబట్టి ఫోటో వంపు మిమ్మల్ని ఏమీ చేయలేదు. కాకపోతే మీ ఒక్కో భాగం 5 యూనిట్లు. పట్టికలో ±5 అని నిజాయితీగా రాస్తే నాకు అభ్యంతరం లేదు.

నీలిసిరా
చేశాను. పక్కనే పాతవి కూడా పెట్టాను.

| ఏడాది | తల (పిక్సెల్) | పాత లెక్క | గడి లెక్క |
|---|---|---|---|
| 1 | 596 | 77.1 | 75.4 |
| 2 | 540 | 97.1 | 95.1 |
| 3 | 431 | 136.1 | 133.9 |
| 4 | 470 | 122.1 | 120.0 |
| 5 | 344 | 167.1 | 165.2 |
| 6 | 290 | 186.4 | 184.8 |

మొత్తం 785.9 నుంచి 774.4కి దిగింది. 776కి 1.6 తేడా. ఒకటిన్నర రోజుగా ఇదే పట్టుకుని కూర్చున్నాను, కూర్చున్నదే తప్పట. నిలబడి ఫోటో తీయాల్సింది.

చిటికెడుప్పు
కుర్చీ లేవకుండా చేసిన పరిశోధన అంటే ఇదే.

తొందరరావు
ఒక్క ప్రశ్న. 776లో 10 అంటే ఒకటింపావు శాతం పైచిలుకు. ఎలాగూ అంచనా అని రాస్తున్నారు. దీనికి ఇంత పంచాయితీ అవసరమా?

గీతలమేస్త్రి
@తొందరరావు మొత్తంలో చిన్నదే. కానీ మొదటి ఏడాది 75లో 1.7 అంటే రెండు శాతం దాటింది. ఆవిడ రేపు ఈ అంకెలతో వృద్ధి రేటు కడితే చిన్న కడ్డీల దగ్గర అది ఇంకాస్త తేలుతుంది. అయినా నా అభ్యంతరం సైజు గురించి కాదు. మౌస్ వణుకు వల్ల వచ్చే తప్పుకి ± రాసుకోవచ్చు. అన్నీ ఒకే వైపు జరిగిన తప్పుని ± కప్పిపుచ్చుతుంది, చదివేవాడికి తెలిసే దారి ఉండదు.

నీలిసిరా
అయితే నేను ± ఎంత రాయాలి? అదే మా సీనియర్ అడుగుతారు.

గీతలమేస్త్రి
పుస్తకంలోంచి తీసే అంకె కాదది, మీరే కొలవాలి. పాత రీడింగులు కనబడకుండా దాచేసి, రేపు ఆరు తలలూ మళ్లీ చదవండి. ఎంత కదిలిందో చూడండి. ఇంకొకరి చేత చదివిస్తే ఇంకా మంచిది. వాళ్లకి మీ అంకెలు చెప్పకండి.

గీత మందం కూడా ఒక సంగతి. జూమ్ చేస్తే కడ్డీ చుట్టూ ఉన్న నల్ల అంచు నాలుగైదు పిక్సెళ్లు ఉంటుంది. దాని పై ఒడ్డున పెడతారా, కింది ఒడ్డునా? నేను మధ్యలో పెడతాను, గ్రిడ్ గీతలకీ మధ్యలోనే. ఏదైనా సరే, గీతకొక చోట కడ్డీకొక చోట మాత్రం పెట్టకండి.

పట్టికపంతులు
ఇక్కడ నా అనుభవం ఒకటి. అంచనా అని తెలియాలని ఒకసారి ఎక్సెల్ గడుల్లో "~134", "~120" అని రాశాను. చూడ్డానికి బాగుంది. కింద SUM పెడితే సున్నా వచ్చింది. ముందు ~ పెట్టగానే ఎక్సెల్‌కి అది అంకె కాదు, అక్షరాలు. SUM వాటిని చూడనట్టే వదిలేస్తుంది. సున్నా వచ్చింది కాబట్టి బతికిపోయాను. కొన్ని గడుల్లోనే ~ ఉండి ఉంటే మొత్తం తక్కువొచ్చేది, ఎవరూ కనిపెట్టేవారు కాదు.

అప్పటినుంచి విలువ గడిలో అంకె తప్ప ఏమీ రాయను. పక్కన తక్కువ హద్దు ఒక నిలువు వరుస, ఎక్కువ హద్దు ఒకటి, "ఎలా వచ్చింది" అని ఒకటి. ఆఖరిదాంట్లో "అచ్చులో ఉన్న అంకె" లేదా "చార్ట్ నుంచి చదివినది" అని రాస్తాను. రెండు రకాలూ ఒకే పట్టికలో కలిసినప్పుడు ఆ వరుసే కాపాడుతుంది. పేజీ నంబరు, ఫోటో ఫైలు పేరు, పిక్సెల్ రీడింగు కూడా ఉంచుకోండి. ఎవరైనా అడిగితే లెక్క మళ్లీ కట్టి చూపించొచ్చు.

పెద్దఅద్దం
ఒక ఏడాది కడ్డీయే లేకపోతే? నాకు అలాంటిది తగిలింది. సున్నా అని రాశాను.

పట్టికపంతులు
@పెద్దఅద్దం అది ప్రమాదం. కడ్డీ కనబడకపోతే సున్నా కావచ్చు, డేటా లేకపోవచ్చు, లేదా గీత మందంలో కలిసిపోయేంత చిన్నది కావచ్చు. చార్ట్ కింద చిన్న అక్షరాల్లో ఏమైనా రాశారేమో చూడాలి. ఏమీ లేకపోతే విలువ ఖాళీగా వదిలి, పక్కన కారణం రాస్తాను.

నీలిసిరా
మర్నాడు మళ్లీ చదివాను. మా తమ్ముడి చేత కూడా చదివించాను. మూడోది నాకు మొదట 431, తర్వాత 434, వాడికి 430. మిగతావి కూడా మొదటి రీడింగు నుంచి మూడు పిక్సెళ్లకు మించి కదల్లేదు. ఆ ఎత్తులో ఒక పిక్సెల్ అంటే 0.36, కాబట్టి మూడు పిక్సెళ్లు 1.1 దాకా. గ్రిడ్ గీతలు చదవడంలోనూ పొరపాటు ఉంటుంది కదా అని ±2 వేసుకుంటున్నాను. 134, తక్కువ హద్దు 132, ఎక్కువ హద్దు 136. దశాంశాలు పని చేసుకునే షీట్‌లోనే ఉంచి, ఇచ్చే పట్టికలో తీసేశాను.

గీతలమేస్త్రి
సరిపోతుంది. మొత్తానికి కూడా చూసుకోండి. ఒక్కోటి ±2 అయి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తప్పితే ఆరింటి మొత్తం ±12 కాదు, సుమారు ±5. 774 దగ్గర 776 హాయిగా ఇముడుతుంది. మీ మొదటి 786 ఇమిడేది కాదు. మీ అనుమానం అందుకే సరైనదయింది.

తొందరరావు
మొత్తం 776 అని అచ్చులోనే ఉన్నప్పుడు, పాత అంకెలన్నిటినీ 776/785.9తో గుణించేస్తే అయిపోయేది కదా? లెక్క వేశాను. 76.1, 95.9, 134.4, 120.6, 165.0, 184.1. మేస్త్రి గారి అంకెలకి ఒక్కటీ ఒక యూనిట్ కన్నా దూరం లేదు. ఫోటో వంపు, గడులు, అన్నీ దండగ.

గీతలమేస్త్రి
ఈసారి దగ్గరగా వచ్చాయి, ఒప్పుకుంటాను. కానీ ఎందుకొచ్చాయో చూడండి. వంపు వల్ల వచ్చిన తప్పు 0 దగ్గరా 250 దగ్గరా ఏమీ ఉండదు, మధ్యలో ఎక్కువ. ఈ కడ్డీలన్నీ 75 నుంచి 185 మధ్యలో ఉన్నాయి కాబట్టి తప్పు అన్నిట్లో ఇంచుమించు రెండే. ఒక కడ్డీ 240 ఉండి ఉంటే దానికి రావాల్సిన కోత చాలా చిన్నది, మీరు మూడు కోసేవారు. పైగా మొత్తంతో సర్దేశాక, ఆ మొత్తంతో సరిచూసుకునే అవకాశం పోతుంది. సరిచూసే కొలబద్దనే కరిగించి వాడేశారన్నమాట.

పట్టికపంతులు
నేను ఇందులో సగం తొందరరావు గారి పక్షం. అచ్చులో ఉన్న మొత్తం మన రీడింగుల కన్నా నమ్మకమైన సమాచారం. దాన్ని పక్కన పెట్టడం కూడా తప్పే. ముందు రీడింగు సరిచేసి, తర్వాత మిగిలిన 1.6ని సర్ది, సర్దామని రాస్తే తప్పేముంది?

గీతలమేస్త్రి
రాస్తే తప్పు లేదు, వేరే వరుసలో. చదివిన అంకె మాత్రం చదివినట్టే ఉండాలి. ఇంకోటి, ఆ 776 కూడా గుండ్రం చేసిన అంకె కావచ్చు, చార్ట్ వేరే సవరణ నాటిది కావచ్చు. మీకు తెలియదు, నాకూ తెలియదు.

పట్టికపంతులు
దీని మీద మనం ఒప్పుకోం లెండి.

మూడుకోణాలు
నాకు త్రీడీ కడ్డీల చార్ట్ ఉంది, గీతలు వెనక గోడ మీద ఉన్నాయి. ఈ గడి పద్ధతి పనిచేస్తుందా?

గీతలమేస్త్రి
నేరుగా పనిచేయదు. కడ్డీలు గోడకు ముందు నిలబడి ఉంటాయి కాబట్టి ముందు అంచుని వెనక గీతతో పోలిస్తే తక్కువ చదువుతారు. కడ్డీ అడుగు ముందు అంచు, గోడ అడుగున ఉన్న 0 గీత కన్నా ఎంత కిందికి ఉందో కొలిచి, తలని కూడా అంత పైకి జరిపి చదవండి. హద్దులు ఇంకాస్త వెడల్పుగా పెట్టుకోండి.

గడిలోసగం
@నీలిసిరా ఆరో కడ్డీ పుస్తకం మడత దగ్గర ఉందా? గీతలని మీరు ఎడమ అక్షం దగ్గర కొలిచారా, కడ్డీ పక్కన కొలిచారా? కుడి చివర గీతలు వంగి ఉంటాయి చూడండి.

గీతలమేస్త్రి
నేను అడగాల్సింది ఇది. ప్రతి తలనీ దాని పక్కనే ఉన్న గీతలతో పోల్చాలి. పేజీ ఎటు వాలినా అప్పుడు ఫరవాలేదు.

నీలిసిరా
అన్నీ అక్షం దగ్గరే కొలిచాను. ఇప్పుడు పక్కన చూశాను. ఐదో కడ్డీ దాకా గీతలు ఒక పిక్సెల్ కూడా జరగలేదు. ఆరోది మడత వైపే. అక్కడ 150 గీత 383, 200 గీత 246. తల 290. అంటే 93ని 137తో భాగించి 50తో గుణిస్తే 33.9. కాబట్టి 183.9, 185 కాస్తా 184 అయింది.

కానీ ఇప్పుడు మొత్తం 773.5. 776కి ఇంకాస్త దూరం పోయింది! పాతదే ఉంచెయ్యనా?

గీతలమేస్త్రి
ఉంచకండి. ఆ రీడింగు తప్పని మీకు తెలిసింది గీత వంగి ఉందని చూసి, మొత్తం చూసి కాదు. ±5 లోపలే ఉన్నారు ఇంకా.

తొందరరావు
మొత్తానికి దగ్గరవుతుంటే కొలబద్ద అన్నారు, దూరమవుతుంటే పట్టించుకోవద్దంటున్నారు.

పట్టికపంతులు
@తొందరరావు ఈసారి పూర్తిగా మీ పక్షం. 😀

నీలిసిరా
184 అనే రాశాను. పక్కన "మడత దగ్గర, గీతలు కడ్డీ పక్కన కొలిచినవి, ±3" అని పెట్టాను. మొత్తం వరుసలో నా 773, అచ్చులోని 776 రెండూ ఉంచాను, ఏదీ సర్దలేదు. సోమవారం లైబ్రరీకి వెళ్లి నిలబడి ఇంకో ఫోటో తీస్తాను. ఆ రోజు అంకెలు వేరేగా వస్తే మళ్లీ ఇక్కడికే వస్తాను.

చిటికెడుప్పు
మడత మీద ఏదైనా బరువు పెట్టి తీయండి. సీనియర్ గారి వేలు మాత్రం ఫోటోలో పడనివ్వకండి, అదీ ఒక కడ్డీ అనుకుంటాం.